ఆటోలో కూర్చున్న ఐదోవాడు

క్రిమినల్ లా పరీక్షలో ఆ ప్రశ్న చదవగానే నా చెయ్యి ఆగిపోయింది. ఐదుగురు కలిసి నగల దుకాణం దోచుకోవాలనుకున్నారు. నలుగురు లోపల కత్తులతో బెదిరించి, సైరన్ మోగడంతో వట్టిచేతులతో పారిపోయారు. ఐదోవాడు అంతా తెలిసే గుమ్మం ముందు ఆటోలో కాపుకాశాడు. అతని నేరమేమిటి?

అచ్చం మా అన్న కేసు. "నేను లోపలికి పోనే లేదు తమ్మీ, నాకేమైతది?" అని పరీక్షకు ముందు జైలు ములాఖత్‌లో అడిగితే, "ఏం గాదన్నా" అన్నాను.

పరీక్షలో అలా రాయలేను. అతను కుట్రలో ఉన్నాడు. దగ్గరుండి సాయపడ్డాడు కాబట్టి చట్టం అడిగే ఐదుగురి లెక్క నిండింది. సొమ్ము దక్కకపోయినా, ఆ ప్రయత్నమే బందిపోటు నేరం. ఐదోవాడికీ అదే సెక్షన్ అని రాశాను.

తర్వాతి ములాఖత్‌లో నిజం చెప్పాను.

"ముందే ఎందుకు చెప్పలే?" అన్నాడు అన్న.