కాలిన మోటార్ గురించి రాసిన జవాబు

మా ఊరి ధాన్యం మార్కెట్, మోండా దగ్గర మా దుకాణంల రెండు కుర్చీలున్నయి. గల్లా వెనుక కుర్చీల ఇప్పుడు మా కోడలు కూసుంటది. గల్లా ముందటిది గిరాకులకు. మా ఆయన పోయినప్పటి నుంచి, ఇంట్ల వంట అయినంక నేనొచ్చి ఆ ముందటి కుర్చీల కూసుంట. ఎవరన్నా వస్తే లేచి పైపుల కట్ట మీదికి జరుగుత. దుకాణంల నాకు పనేం లేదు. మోటార్లు, స్టార్టర్లు, పైపులు, వాటి లెక్కంతా కొడుకూ కోడలే చూస్తరు. ఇంట్ల ఊకె కూసుంటే గోడలు కనవడతయి, ఇక్కడ మనుషులు కనవడతరు, గందుకే వస్త.

మా ఆయన పోయి మూడేండ్లయిన ఆ యేడు వానలు మొదలైతయనంగ మొదలు కాలేదు. మబ్బులొచ్చుడు, పోవుడు. బాబ్లీ నుంచి మాకొక పాత గిరాకి ఉన్నడు. మా ఆయనను అన్నా అని, నన్ను వదినె అని పిలిచేటోడు. గోదారి ఒడ్డుకే ఆయన చేను. పసుపు పెట్టిండు. పోయిన దీపావళి ముందు మా దగ్గరనే కొత్త మోటార్ కొన్నడు, నీళ్ల లోపల పెట్టేది. ఏడాది వారంటీ.

వానకాలం మొదట్ల గోదారి మీది బాబ్లీ బ్యారేజి గేట్లు ఎత్తుతరు. ఎత్తినంక వెనుక నిలిచిన నీళ్లు దిగిపోతయి. ఒడ్డు మీదోళ్లందరికీ తెలుసు ఈ సంగతి, మోటార్లను ముందుకు జరిపి పెట్టుకుంటరు. ఈయన ఆ రోజులల్ల గోకుంద అనే ఊళ్లె చుట్టాలింట్ల ఎవరో పోతే పలకరించ పోయిండు. స్టార్టర్ ఆటో స్విచ్ మీద పెట్టి పోయిండు. చేన్లకు కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో, వచ్చినప్పుడు మోటార్ దానంతటదే నడవాలని అందరూ గట్లనే పెడతరు. నీళ్లు దిగిపోయినయి, కరెంటు వచ్చింది, మోటార్ ఉత్తగ తిరిగి తిరిగి కాలిపోయింది.

నీళ్లు లేక కాలిందన్న సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆయనకు తెలిసిందల్లా మోటార్ నడుస్తలేదని. స్టార్టర్ ఆటో మీద పెట్టి ఊరికి పోయిన, వచ్చేసరికి గిట్లున్నది అనుకుంట ఆటోల ఏసుకొని తెచ్చిండు. మేము కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపినం. "బయట ఎవ్వరితోటి విప్పించకుండ్రి కాక, విప్పితే వారంటీ పోతది" అని మా కోడలే గట్టిగ చెప్పింది. ఆయన ఆ మాట పట్టుకొని కూసున్నడు. పక్క చేనాయన, మోటార్ వాపస్ తెచ్చుకో, బయట వైండింగ్ చేయించి ఇస్తనన్నా వద్దన్నడట. రోజూ పొద్దున్నే ఫోన్ చేసేటోడు.

"వదినె, ఏమన్న తెలిసిందా?"

"ఇంకా లేదు తమ్మి."

"మొలక బయటికొచ్చింది వదినె. ఆకు చుట్టుకుంటున్నది."

ఆకు చుట్టుకుంటున్నదంటే నీళ్లు అడుగుతున్నదని. అది నాకు కూడా తెలుసు, మా పుట్టిల్లు నిజామాబాద్ దిక్కు, పసుపు చేన్లల్లనే పెరిగిన.

ఒక పగలు కోడలు ఫోన్‌ల జవాబు వచ్చింది. ఇంగ్లీషుల ఉండె. ఆమె సదివి మూతి ముడిచింది.

"ఏమన్నరు?" అని అడిగిన.

"క్లెయిమ్ తిరస్కరించినం. కారణం డ్రై రన్. వారంటీ కిందికి రాదు. కేసు బంద్. గంతే."

"డ్రై రన్ అంటే?"

"నీళ్లు లేకుండ తిరిగింది అత్తమ్మ. లోపల బుష్ మాడిపోయింది, వైండింగ్ కాలింది. ఇంజనీర్ ఫోటోలు పెట్టిండు చూడు. నీళ్లే దాన్ని సల్లగ ఉంచుతయి. నీళ్లు లేకుంటే గిట్లయితది."

అని, ఆ ఇంగ్లీషు ముక్కనే ఆయనకు పంపెతందుకు వేలు పెట్టింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న.

"అది పంపకు బిడ్డ. గడ్డ తీసి మొఖాన కొట్టినట్టున్నది. మనమే మంచిగ రాద్దాం."

"సరే, నువ్వు చెప్పు, నేను కొడత" అన్నది.

ఆయన బాబ్లీల మరాఠీ బడికి పోయినోడు. ఇంట్ల మాట్లాడేది తెలుగు, సదివేది మరాఠీ అక్షరాలు. మా కోడలు కూడా గంతే. నేనొక్కదాన్నే తెలుగుల నాలుగో తరగతి దాక సదివిన. ఇక్కడ మా తీరోళ్లందరూ తెలుగు మాటలను మరాఠీ అక్షరాలల్ల కొట్టి పంపుకుంటరు. గట్లనే రాయాలనుకున్నం.

నేను చెప్పిన. తమ్మి, బాగున్నవా, ఇంట్ల అందరు బాగున్నరా. మోటార్ గురించి కంపెనీవాళ్లతోటి మాట్లాడుతున్నం. వాళ్లు ఏదో అంటున్నరు, మేము మల్ల అడుగుతం. చూద్దాం, నువ్వు పరేషాన్ కాకు.

ఆమె అంతా కొట్టి, ఒకసారి సదివి, నా దిక్కు చూసింది.

"అత్తమ్మ, దీంట్ల లేదు అన్న మాట ఎక్కడున్నది?"

"లేదని ముఖం మీద అంటమా?"

"అనకపోతే ఆయన ఇంకా ఆశ మీదనే కూసుంటడు. పసుపు ఎండేదాక కూసుంటడు. విప్పొద్దని చెప్పింది మనమేనాయె."

"మీ మామ ఎన్నడూ ఎవరినీ లేదని పంపలేదు."

"గట్లనా? మల్ల వారంటీ కానివాళ్లు ఎంతమంది వచ్చి ఉంటరు ఇన్నేండ్లల్ల? వాళ్లందరికీ ఏం చెప్పెటోడు?"

నేను కూసున్న కుర్చీ దిక్కు చూసుకున్న.

మా ఆయన పోయినంక నా మనసుల మిగిలింది చాయ్. ఎవరొచ్చినా పక్క హోటల్ కెల్లి చాయ్ తెప్పించుడు, కుర్చీ జరిపి కూసోబెట్టుడు. నేను ఊళ్లె అందరికీ గదే చెప్పుకునేదాన్ని, మా ఆయన ఎవరినీ నారాజ్ చేసి పంపలేదని. కానీ కోడలు అడిగినంక నిమ్మళంగ గుర్తు చేసుకుంటే వేరే కనవడ్డది. మా పెండ్లైన కొత్తల నేను ఇంటికెల్లి సద్ది తెచ్చి ఇచ్చి, ఈ గడప కాడ నిలవడేదాన్ని. అప్పుడు చూసిన. నాయ్‌గావ్ ఆయన ఒకడు కాలిన మోటార్ తెస్తే, మా ఆయన దాన్ని విప్పి, లోపలికెల్లి మాడిన ముక్క తీసి ఆయన చేతుల పెట్టిండు. "ఇది కంపెనీ ఇయ్యదు తమ్మి, నీళ్లు లేకుండ తిరిగింది" అన్నడు. అని, ఆ తర్వాతనే చాయ్ చెప్పిండు.

అంటే లేదన్నది ముందు. చాయ్ వెనుక. చాయ్ తాగేది, ఇగ ఏం చెయ్యాలె అని ఇద్దరు కూసోని మాట్లాడెతందుకు. నేను మూడేండ్లు చాయ్‌నే యాది చేసుకున్న, దాని ముందటి మాటను మర్చిపోయిన. మనిషి పోయినంక మనం మెత్తటి ముక్కలే దాసుకుంటమేమో. ఆ గట్టి గొంతు కూడా నాకు మల్ల కావాలనిపించింది ఆ గడియల. మస్తు కావాలనిపించింది.

"అది తుడిపెయ్ బిడ్డ. లేదన్నది ముందు రాయి" అన్న.

ఆమె తుడిపేసి రాసుడు మొదలు పెట్టింది. కారణం కాడికి వచ్చేసరికి, మీరు స్టార్టర్ ఆటో మీద పెట్టి పోయిన్రు కాబట్టి అని కొట్టింది.

"ఆ ముక్క తీసెయ్."

"నిజమే కదా అత్తమ్మ."

"నిజమే. అందరు పెట్టినట్టే పెట్టిండు. ఆయన తప్పని మనం చెప్పుడెందుకు, చదివితే ఆయనకే తెలుస్తది. నీళ్లు దిగినయని మోటార్‌కు తెల్వదు, గంతే రాయి. మీ మామ గట్లనే అనేటోడు."

ఆమె నవ్వింది. "మామ మాటలు మంచిగనే గుర్తొస్తున్నయి ఇగ."

మిగిలిందంతా ఆమె తెలివే, నాది కాదు. ఏం చేసుకోవచ్చో కంపెనీవాళ్లను ఫోన్ల అడిగి తెలుసుకొని ఒక్కొక్కటి రాసింది. చివరికి ఆ జవాబు గిట్ల అయింది.

"కాక, నమస్కారం. మోటార్ గురించి కంపెనీ జవాబు వచ్చింది. వారంటీల చేసిస్తలేరు. మీరు ఎదురుచూస్తున్నరు కాబట్టి ఇదే ముందు చెప్తున్న. ఇంజనీర్ విప్పి చూసిండు. బుష్ మాడింది, వైండింగ్ కాలింది, ఫోటోలు కింద పెట్టిన. నీళ్లు లేకుండ కొంతసేపు తిరిగితే గిట్ల అయితది. గేట్లు ఎత్తి నీళ్లు దిగినయని మోటార్‌కు తెల్వదు. తయారుచేసిన కాడ లోపముంటేనే కంపెనీ పైసలు లేకుండ చేసిస్తది, నీళ్లు లేకుండ నడిస్తే చెయ్యదు. వారంటీ కార్డు వెనుక ఆ మాట ఉన్నది.

ఇగ మీరు ఏం చెయ్యొచ్చంటే, సర్వీస్ సెంటర్‌లనే పైసలిచ్చి చేయించుకోవచ్చు. మీరు ఊఁ అంటేనే మొదలు పెడతరు, ఖర్చెంతో ముందే చెప్తరు. అక్కడ చేయిస్తే మిగిలిన వారంటీ అట్లనే ఉంటది. బయట చేయిస్తే జల్దిన అయితది, తక్కువల అయితది, కానీ ఇగ వారంటీ ఉండదు. కంపెనీ మాట సరి కాదని మీకు అనిపిస్తే మల్ల చూడమని అడగొచ్చు, కాయితం నేను రాసిస్త. గ్రాహక్ మంచ్‌కు, అదే కన్జూమర్ కోర్టుకు, పోయే హక్కు కూడా మీకున్నది. కానీ అట్లయితే మోటార్‌ను అప్పటిదాక ముట్టొద్దు, కాలిన ముక్కలే మీ సాక్ష్యం.

ఏది చేసినా పసుపు ఆగదు. మా గోదాంల మామ పాత మోటార్ ఉన్నది. మీది అయ్యేదాక అది తీస్కపోండ్రి. చాయ్‌కు రండ్రి."

ఆ పాత మోటార్ మాట ఆమె నన్ను అడగకుండనే రాసింది. రాసి నా దిక్కు చూసింది. అది మా ఆయన రిపేర్‌కు వచ్చినోళ్లకు ఇచ్చేటందుకు ఉంచిన మోటార్. ఆయన పోయినంక ఎవ్వరూ అడగలేదు, మేము ఇయ్యలేదు. కొడుకు రెండుసార్లు భంగార్‌ల, పాత ఇనుముల ఏద్దామంటే నేనే వద్దన్న. గోదాంకు పోయినప్పుడల్లా దాని మీద చెయ్యేసి వచ్చేదాన్ని. దాని మీద గోనెపట్ట కప్పింది నేనే.

"ఉంచనా, తీసెయ్యనా?" అని అడిగింది.

"ఉంచు" అన్న.

పంపినంక ఫోన్ గల్లా మీద పెట్టి ఇద్దరం చూస్తున్నం. చదివిండని తెలిసింది. జవాబు రాలేదు. నారాజ్ అయిండు, ఇగ రాడు అనుకున్న.

ఆయన జవాబు రాయలేదు, మర్నాడు పొద్దుగాల మనిషే వచ్చిండు. నేను కుర్చీల నుంచి లేచిన. ఆయన కూసోలేదు.

"వదినె, నువ్వు చెప్పిచ్చినవా అది?"

"ఇద్దరం రాసినం తమ్మి."

"చదువుతుంటే అన్న మాట్లాడినట్టే అనిపించింది. తిట్టినట్టూ లేదు, దాసినట్టూ లేదు." కోడలు దిక్కు తిరిగిండు. "ఆటో మీద పెట్టి పోయింది నేనే బిడ్డ. నువ్వు రాయలేదు. రాసినా నేనేమనుకోకపోయేటోన్ని."

"అత్తమ్మ తీసేయించింది కాక."

"అత్తమ్మ సంగతి నాకు తెల్వదా" అని నవ్వి, అప్పుడు కూసున్నడు. సర్వీస్ సెంటర్‌లనే చేయిస్తనన్నడు. చాయ్ వచ్చింది.

మా కొడుకు పాత మోటార్‌కు కొత్త సీల్ ఏసి, డ్రమ్ము నీళ్లల్ల నడిపి చూసి, ఆటోల ఎక్కించిండు. గోనెపట్ట నా చేతులనే మిగిలింది. ఆటో మోండా మలుపు తిరిగేదాక చూసిన. లోపలికొస్తే గోదాంల అది ఉన్న జాగంత దుమ్ము పట్టక తెల్లగ కనవడ్డది.

సాయంత్రం కోడలు ఫోన్‌ల ఒక మాట రికార్డు చేసి పంపిండు ఆయన. "వదినె, మోటార్‌ను ముందుకు జరిపి లోతుల దింపిన. స్టార్టర్ ఆటో మీద పెట్టలేదు, పక్కనే కూసున్న. నీళ్లు పారుతున్నయి." గంతే మాట. దాని వెనుక కాల్వల నీళ్లు పడుతున్న సప్పుడు, గా సప్పుడు వెనుక మా మోటార్ గర్రుమనుడు. మొదట్ల జర బొంగురు గొంతు, తర్వాత సాఫ్.

నేను మల్ల పెట్టమన్న. ఆమె పెట్టింది. ఇంకొకసారి పెట్టమన్న. ఈసారి ఆమె ఫోన్ నా చేతులనే పెట్టి, దీపాలు ముట్టించపోయింది.