ఎనిమిది అంకెల గడియారం, నాలుగు మూలాలు

మా వదిన సుద్దముక్కని గోరంత అయ్యేదాకా వదలదు. బోర్డు మీద పనికొచ్చే బొమ్మ ఉంటే తుడవనూ తుడవదు. "గీసిందే మళ్లీ గీయడం దేనికే?" అంటుంది. కాలేజీలో ఆవిడ చెప్పేది లెక్కలు, నేను చెప్పేది కెమిస్ట్రీ. పిల్లలు ఆవిడకి శేషం మేడం అని పేరు పెట్టారు. ప్రతి భాగహారం చివరా "శేషమెంత?" అని అడగనిదే ఊరుకోదు. ఇంట్లో మా అన్నయ్య బిస్కెట్ల ప్యాకెట్టు మీద చెయ్యి వేసినా అదే ప్రశ్న.

ఏళ్ల తరబడి చెబుతున్నా అప్పటికింకా ఆవిడది ఏటికేడు కాంట్రాక్టు ఉద్యోగమే. పర్మనెంటు కావాలంటే, పెద్ద యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు గారి ముందు ఒక క్లాసు చెప్పాలి. ఆ రోజు ఆయనా, ప్రిన్సిపాలూ కిటికీ పక్కన కూర్చున్నారు. నేను ఆఖరి బెంచీలో చేరాను. ధైర్యం చెప్పడానికే వెళ్లాను గానీ, భయమంతా నాదే.

వదిన మాత్రం నీళ్లు తాగినంత తేలిగ్గా మొదలుపెట్టింది. బహుపదుల్ని కూడొచ్చు, తీసేయొచ్చు, గుణించొచ్చు, వచ్చేదీ బహుపదే. అందుకే వాటిది ఒక వలయం. గుణకాలు క్షేత్రంలోవైతే, అంటే సున్న కాని ప్రతి సంఖ్యతోనూ భాగించగలిగే చోటివైతే, సున్న కాని ఏ బహుపదితోనైనా భాగహారం చేయొచ్చు. శేషం సున్న అవుతుంది, లేదా దాని పరిమాణం, అంటే x కి ఉన్న పెద్ద ఘాతం, భాజకం పరిమాణం కంటే తక్కువగా ఉంటుంది.

"ఇప్పుడు a ఒక మూలం, అంటే x చోట పెడితే బహుపదిని సున్న చేసేది. బహుపదిని x − a తో భాగించండి. శేషమెంత?"

"ఒట్టి సంఖ్య, మేడం!"

"x చోట a పెట్టండి. ఆ సంఖ్య?"

"సున్న!"

"అంటే x − a బయటికొచ్చేసింది. భాగఫలం పరిమాణం ఒకటి తగ్గింది. ఇంకో మూలం b ఉంటే, b − a సున్న కాదు కాబట్టి, అది భాగఫలానికే మూలం కావాలి. ఒక్కో మూలం ఒక్కో మెట్టు దింపుతుంది. మెట్లు అయిపోయాక మూలాలు ఎక్కడివి? పరిమాణం ఎంతో, మూలాలు అంతకు మించవు."

ప్రొఫెసరు తల ఊపారు. అప్పుడు వదిన ఉదాహరణకని బోర్డు మూలకి చూసింది. కిందటి పీరియడులో వేరే క్లాసుకి గీసిన గడియారం అక్కడ అలాగే ఉంది. సున్న నుంచి ఏడు దాకా అంకెలు, ఎనిమిది వస్తే మళ్లీ సున్న. పొదుపు బుద్ధి ఊరుకుంటుందా?

"ఈ గడియారం మీద x² − 1 కి మూలాలు చెప్పండి."

"ఒకటి, ఏడు," అంది ముందు బెంచీ.

"రెండో పరిమాణం, రెండు మూలాలు. చూశారా?"

"మేడం," అని నా పక్కన కూర్చున్న నిద్రముఖం పిల్ల మెల్లగా లేచింది. "మూడు కూడానండి. మూడు మూళ్ల తొమ్మిది, తొమ్మిదిలోంచి ఎనిమిది పోతే ఒకటే కదండి. ఐదు కూడానండి."

క్లాసంతా గొల్లుమంది. ప్రిన్సిపాలు ఫ్యాను వైపు చూశాడు. ప్రొఫెసరు కళ్లద్దాలు తీశారు. "భాగహారం ఎక్కడ చెడిందమ్మా?"

వదిన చెవులు ఎర్రబడ్డాయి. నేను కళ్లు మూసుకున్నాను. పోయింది, ఉద్యోగం గడియారంలో పడి కొట్టుకుపోయింది అనుకున్నాను.

"భాగహారం చెడలేదండి," అన్న మాట వినపడి కళ్లు తెరిచాను. "x − 1 లో x గుణకం ఒకటి. అందుకని ఇక్కడా భాగించొచ్చు. భాగఫలం x + 1, శేషం సున్న. చెడింది తర్వాతి మెట్టు. x − 1, x + 1 రెండింట్లోనూ మూడు పెట్టి గుణించి చూడు తల్లీ."

"రెండు నాలుగుల ఎనిమిది... సున్న!" అంది నిద్రముఖం పిల్ల.

"రెండు సున్నా?"

"కాదండి."

"నాలుగు?"

"కాదండి."

"అదీ సంగతి. రెండూ సున్నలు కావు, గుణిస్తే సున్న! అలాంటప్పుడు b భాగఫలానికి మూలం కావాలని ఏముంది? ఇది క్షేత్రం కాదు."

ఎప్పుడూ తుడవని మనిషి కొంగుతోనే ఏడు చెరిపేసి, ఆరు దాకానే అంకెలుంచింది. ఇప్పుడు ఏడు వస్తే సున్న. "రెండుకి జోడీ నాలుగు, మూడుకి ఐదు, ఆరుకి ఆరే. గుణిస్తే ఒకటి వస్తుంది. సున్న కాని ప్రతిదానికీ జోడీ ఉన్నచోట ఆ మోసం జరగదు. ఇప్పుడు x² − 1 మూలాలు వెతకండి."

"ఒకటీ, ఆరూ. అంతేనండి!"

ప్రొఫెసరు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "బాగుందమ్మా. ఎనిమిది కావాలనే తీసుకున్నారా?"

ఊ అను వదినా, ఊ అను! మనసులోనే బతిమాలుకున్నాను.

"లేదండి, పొరపాటే. బొమ్మ ఉంది కదా అని వాడేశాను."

ఇంటికెళ్తూ దారంతా సాధించాను. "ఒక్క 'ఊ' అంటే నీ సొమ్మేం పోయేది?"

"నోరు ముయ్యవే. తప్పు పట్టింది ఆ పిల్ల. నా తెలివి అని చెప్పుకుంటే, ఆ పిల్ల తెలివి ఏమైనట్టు?"

ఆ నెల్లోనే పర్మనెంటు ఆర్డరు వచ్చింది. దాన్ని మా అన్నయ్య కంటే ముందు నేనే వీధిలో అందరికీ చదివి వినిపించాను. అడగనివాళ్లకి కూడా.

ఇప్పుడు ఏటా ఆ పాఠం రోజు వదిన ఎనిమిది అంకెల గడియారం కావాలనే గీస్తుంది. "రెండే మూలాలు, చూశారా?" అని అమాయకంగా మొహం పెట్టి, సుద్దముక్క పక్కన పెట్టి, ఆఖరి బెంచీ వైపు ఎదురుచూస్తుంది.