నిద్రపోయిన పిల్లను లేపిన డాక్టరమ్మ

ఆసుపత్రిలో అందరూ ఆమెను వెనకాల "మొండి డాక్టరమ్మ" అంటారు. ఆమెకూ తెలుసు. ఎముకల డాక్టర్లంతా మెత్తనివాళ్లయితే సుత్తి ఎవరు పట్టుకుంటారని నవ్వేస్తుంది.

ఆ సాయంత్రం జారుడుబల్ల మీంచి పడ్డ కూతుర్ని ఒక లిఫ్టు మెకానిక్ ఎత్తుకొచ్చాడు. మోచేతికి కాస్త పైన ఎముక విరిగి, కింది ముక్క వెనక్కి జరిగిపోయింది. డాక్టరమ్మ ఎక్స్‌రే కంటే ముందు చెయ్యి చూసింది. వెచ్చగా ఉంది, మణికట్టు దగ్గర నాడి అందుతోంది.

"బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టు తల్లీ. అందులోంచి నన్ను చూడు."

సున్నా కుదరలేదు. వేళ్ల కొసలు వంగక చదునుగా ఆనుకున్నాయి.

"నరం నలిగింది. ఇది ఆపరేషన్‌కి ముందే ఉంది, గుర్తుపెట్టుకోండి," అంది తండ్రితో. రక్తం బాగానే అందుతోంది కాబట్టి ఎముక సరిచేసి, కదలకుండా నిలిపే తీగలు పొద్దున్నే వేద్దామనుకున్నారు. మోచేతిని కొద్దిగా మాత్రమే వంచి కట్టు కట్టారు.

ఇంటికి బయల్దేరబోతూ ఆమె మళ్లీ వార్డులోకి వచ్చింది.

"ఇప్పుడే కునుకు పట్టిందండీ. లేపకండి, దణ్ణం పెడతాను," అన్నాడు తండ్రి.

"తిట్టుకోండి, పర్లేదు. చెయ్యి చూడకుండా గడప దాటను."

ఆమె చెయ్యి పట్టుకోగానే పిల్ల లేచి ఏడుపందుకుంది. వేళ్లు చల్లబడి, సున్నంలా తెల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడం లేదు. నాడి లేదు. కట్టు విప్పి, మోచేతిని ఇంకాస్త చాపి చూసింది. ఊహూ.

"థియేటర్ తెరవండి. ఇప్పుడే!"

మత్తు డాక్టరు తల పట్టుకున్నాడు. "రేపు పొద్దున చేద్దామన్నావుగా తల్లీ! పిల్ల తిని వచ్చింది."

"అప్పుడు చెయ్యి ఎర్రగా ఉంది. పొద్దుటిదాకా ఆగితే ఎముక మిగులుతుంది, కండ మిగలదు."

"కడుపు నిండిన పిల్లకి మత్తంటే..."

"అందుకేగా నిన్ను పిలిచింది. నీ జాగ్రత్తలు నువ్వు తీసుకో."

"నీతో వేగలేం," అంటూనే అతను గొట్టాలు సిద్ధం చేసుకున్నాడు. రక్తనాళాల డాక్టరుకూ కబురెళ్లింది.

ఆమె ఎక్స్‌రే తెర చూస్తూ చెయ్యి నెమ్మదిగా లాగి, జరిగిన ముక్కను బొటనవేలితో ముందుకు నెట్టి, మోచెయ్యి వంచింది. బయటివైపు నుంచి సన్నని తీగలు దించింది. అందరి కళ్లూ గోళ్ల మీదే. ముందు చూపుడువేలికి రంగు తిరిగింది, తర్వాత మిగతావాటికి. కాసేపటికి నాడి ఆమె వేలికి తగిలింది.

"మరి నేనెందుకు వచ్చినట్టు?" అన్నాడు రక్తనాళాల డాక్టరు.

"నువ్వు రాకపోతే కచ్చితంగా అవసరం పడేవాడివి!"

బయట తండ్రి లేచి నిలబడ్డాడు.

"చెయ్యి దక్కింది. సున్నా చుట్టడానికి మాత్రం వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు."

"వస్తుందంటారా?"

"చాలామందికి వస్తుంది. రాకపోతే నేను వదిలే రకాన్ని కాదు."

ఆమె ఇంటికి పోలేదు. మంచం పక్కకు కుర్చీ లాక్కుని, పిల్ల వేళ్లు పట్టుకుని కూర్చుంది.

పిల్ల కళ్లు తెరిచింది. "మళ్లీ లేపుతావా?"

"లేపుతాను," అంది డాక్టరమ్మ.