ఖాసింబీ దిద్దుకున్న పాఠం

ఆత్మకూరులో బట్టలు కుట్టే ఖాసింబీకి ఖురాన్ మొత్తం కంఠస్థం. మిషను పక్కన ఫోను పెట్టుకొని, ఖురాన్ చదవడంలో పేరున్న ఖారీల పఠనం వింటూ, తొమ్మిదేళ్లలో ముప్పై భాగాలూ ఒంటరిగా కంఠతా పట్టింది. తర్వాత వీధిలోని ఏడుగురు ఆడపిల్లలకు నేర్పింది. వాళ్లలో నస్రీన్ ఒక్కతే చివరిదాకా వచ్చింది.

ఆ నస్రీన్ హైదరాబాదులో ఆడపిల్లల మదరసాలో పంతులమ్మ కొలువుకు పరీక్షకు వెళ్లింది. మొదటి పేజీలోనే ఆపేశారు. ఇంటికి వచ్చి ఖురాన్‌ను గుడ్డలో చుట్టి అలమారాలో పెట్టింది.

"ఎవరి దగ్గర నేర్సుకున్నవని అడిగిండ్రు ఆపా. నీ పేరు చెప్పిన. ఆమెకు ఎవరు చెప్పిండ్రని అడిగిండ్రు. నాకు జవాబు తెల్వదు," అంది ఖాసింబీతో.

ఖాసింబీకి ఎదుట కూర్చోబెట్టి నేర్పినవాళ్లెవరూ లేరు. మరుసటి శుక్రవారం బస్సెక్కి వనపర్తి వెళ్లింది. అక్కడ సాబేరాబీ అనే ముసలామె ఉంది. ఖురాన్ మొత్తం తన గురువుకు చూడకుండా వినిపించి, ఇతరులకు నేర్పే అనుమతి పొందిన మనిషి. ఆమె దగ్గర ఒక కాగితం ఉంది. అందులో ఆమె గురువు, ఆ గురువు గురువు, అలా ముప్పై దాకా పేర్లు ప్రవక్త వరకూ వెళ్తాయి. ప్రతి ఒక్కరూ తమ ముందువారి ఎదుట కూర్చుని చదివినవాళ్లే.

"చదువు," అంది సాబేరాబీ.

ఖాసింబీ మొదటి అధ్యాయం ఫాతిహా మొదలుపెట్టింది. "అల్‌హమ్దు" అనగానే ముసలామె చేయి ఎత్తింది.

"ఆ హ గొంతు కిందినుంచి వస్తున్నది. గొంతు నడుమనుంచి రావాలె. అక్షరం మారితె మాటే మారుతది."

మళ్లీ చదివింది. మళ్లీ ఆపింది. ఇంకో చోట ఖాఫ్ అనే అక్షరం దగ్గర ఆపి, "మన మాటల్ల గొంతు గీసినట్టు ఖ అంటం. గట్ల కాదు. నాలుక మొదలు లేసి అంగిటి వెనకకు తగలాలె. జర ముందుకు జరిపి కాఫ్ అన్నవంటే, ఖల్బ్ అన్న గుండె కల్బ్ అయితది. అంటే కుక్క," అంది.

"ఫోన్ల నేను విన్నది గిదే ఉస్తానీ," అంది ఖాసింబీ గురువమ్మతో.

"నీ చెవి దానికి తెలిసిందే వింటది. ఫోను నిన్ను వినదు కద."

అక్షరం మారితే స్పష్టమైన తప్పు. దీర్ఘాన్ని నాలుగు లెక్కలు సాగదీయవలసిన చోట రెండుకే ఆపినా, ముక్కులో నిలపవలసిన నకారాన్ని తొందరగా వదిలినా అది దాగిన తప్పు. ఖాసింబీకి రెండూ ఉన్నాయి. వారానికి రెండుసార్లు వెళ్లింది. ఆరు నెలలకు పన్నెండో అధ్యాయం, యూసుఫ్ సూరా దాకా వచ్చింది. అందులో యూసుఫ్ అన్నలు తమ తండ్రితో, "యూసుఫ్ విషయంలో మమ్మల్ని ఎందుకు నమ్మవు?" అనే చోట "లా తఅ్మన్నా" అని ఉంటుంది. ఖాసింబీ తప్పు లేకుండా పలికాననుకుంది.

"నా మూతి చూడు," అంది సాబేరాబీ.

ఆమె అదే మాట పలికింది. నకారం ముక్కులో నిలిచి ఉండగా పెదవులు గుండ్రంగా ముందుకు వచ్చి, వెనక్కి వెళ్లాయి. చప్పుడులో ఏమీ మారలేదు.

"అసలు గక్కడ రెండు నలు. మొదటిదానికి ఉకారం ఉండె. రెండూ కలిసినంక అది పోయింది. ఉండెనని పెదవులతో చూపిస్తం. నా ఉస్తానీ నాకు చూపించింది, ఆమెకు ఆమె ఉస్తాద్. రికార్డుల ఇది యాడ దొరుకుతది?"

ఖాసింబీ తొమ్మిదేళ్లలో ఆ మాట వేలసార్లు విని ఉంటుంది. తల దించుకుంది. ఆమెకు తన తప్పుకన్నా ఏడుగురు పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లలో ఇద్దరు అచ్చంపేటకు కాపురానికి వెళ్లి తమ పిల్లలకు నేర్పుతున్నారు.

ఆ వారమంతా ఇంటింటికీ తిరిగి, ఫోను చేసి, ఆ పెదవుల సంగతితో సహా తను నేర్పింది తప్పని చెప్పింది. ఒక తల్లి, "మా బిడ్డ నమాజులన్నీ పోయినట్టేనా?" అని నిలదీసింది. ఖాసింబీ సాబేరాబీని అడిగి వస్తానంది. తెలియక చదివినవాళ్లను అల్లా పట్టుకోడని, తెలిసినంక దిద్దుకోకుంటేనే తప్పని సాబేరాబీ చెప్పి పంపింది. ఆ మాట తల్లికి చేరవేసినా, ఆమె మళ్లీ పిల్లను పంపలేదు.

చివరికి నస్రీన్ ఇంటికి వెళ్లింది. "పరీక్షల పోయింది నువ్వు కాదు బిడ్డా, నేను," అంది.

"నాలుగేండ్లు పట్టిన ఆపా. మళ్ల మొదటినుంచి నాతోని కాదు," అని నస్రీన్ లోపలికి వెళ్లింది.

ఖాసింబీ గడప దగ్గరినుంచే వచ్చేసింది. సాబేరాబీ అనుమతి ఇచ్చేదాకా ఎవరికీ కొత్త పాఠం చెప్పనని నిర్ణయించుకుంది. శుక్రవారాలూ మంగళవారాలూ బస్సులో కూర్చుని, పక్కవాళ్లు చూస్తున్నా గొంతు నడుమనుంచి ఆ ఒక్క హ పలుకుతూ పోయింది.

రంజాను ముందు ఒక మధ్యాహ్నం నస్రీన్ వచ్చింది. కూర్చోలేదు. "అందరు చెప్తున్న గా పెదవుల సంగతి నిజమేనా?" అని అడిగింది.

ఖాసింబీ మిషను ఆపి, ఆమె వైపు తిరిగి, ఆ మాట పలికి చూపించింది. నస్రీన్ చాలాసేపు ఆమె మూతి చూసింది.

"నువ్వు నాకు పాఠం చెప్పకు ఆపా," అంది. "ఉస్తానీ దగ్గరికి ఎప్పుడు పోతవో చెప్పు."