బాధ్యుల గడి

సమావేశం ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు. స్పెయిన్‌లో అప్పుడు ఉదయం తొమ్మిది. మార్చి ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కనుక, ఆ తర్వాత మాకది పన్నెండున్నర అవుతుంది. మా మిర్చి ప్లాంటు నల్లపాడు స్టేషనుకు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉంది. కాయలు దాచే కోల్డ్ స్టోరేజీ అక్కడికి మరో నాలుగు కిలోమీటర్లు. సమావేశం నలభై నిమిషాలు, దాని మినిట్స్ రాయడానికి నాకు గంటా పది నిమిషాలు పట్టేది.

నేను చేరింది యంత్రాల పనికి. అంతకుముందు స్పెయిన్‌లోని ఒక కర్మాగారంలో రెండేళ్ళు చేసి స్పానిష్ నేర్చుకున్నాను కాబట్టి, ఆ దేశపు కొనుగోలుదారుతో జరిగే సమావేశాలకు మినిట్స్ రాసే పని కూడా నాకే వచ్చింది. వాళ్ళ తరఫున కూర్చునేది కొనుగోళ్ళ అధికారిణి. ఆవిడ బృందంలో సగం మందికి ఇంగ్లీషు రాదు. అందుకని మినిట్స్ స్పానిష్‌లోనే కావాలని మొదటి వారమే చెప్పింది.

మినిట్స్ అంటే జరిగిన సంభాషణ కాదు. ఎవరు ఎంతసేపు వాదించారో అక్కడ అక్కరలేదు. హాజరైనవారు, తీసుకున్న నిర్ణయాలు, చేయవలసిన పనులు, అంతే. పనుల పట్టికలో మూడు గడులు: ఏం చేయాలి, బాధ్యులెవరు, గడువెప్పుడు. రెండో గడిలో ఒక్క మనిషి పేరే ఉండాలి. ఇద్దరుంటే ఎవరూ లేనట్టే. పంపిన రెండు రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టు లెక్క. తర్వాతి సమావేశం పాత పట్టికతోనే మొదలవుతుంది.

మొదటి వారం అలాగే పేర్లతో రాశాను. మరునాడు సాయంత్రం ప్లాంటు మేనేజరు తన గదికి పిలిచారు.

"ఏవండీ, ఇదేంటండీ, స్టోర్సు ఆయన పేరు, ల్యాబు మేడమ్ పేరు ఇట్టా కాయితం మీదకి ఎక్కించారు?"

"పని ఎవరిదో తెలియాలి కదండీ."

"మన దగ్గర పేరు కాయితం మీద పడేది మెమో ఇచ్చినప్పుడేనండీ. పొద్దున్నించి స్టోర్సు ఆయన మొహం చూశారా? అందరం ఒక ఇంట్లో వాళ్ళలాగా చేసుకుంటున్నాం. గుంటూరు ప్లాంటు అని రాసెయ్యండి, గౌరవంగా ఉంటుంది."

ఆయన చెప్పినదానిలో అబద్ధం లేదు. మా ప్లాంటులో పని నోటితో చెప్పుకుంటారు, పేరు రాస్తే నేరం మోపినట్టే. అప్పటినుంచి బాధ్యుల గడిలో ప్రతి వరుసలోనూ 'గుంటూరు ప్లాంటు' అని రాస్తూ వచ్చాను. స్పెయిన్ అధికారిణి రెండుసార్లు మెయిల్లో అడిగింది, ప్లాంటులో ఎవరు అని. మేనేజరు తన తరఫున ఒకే జవాబు రాయించారు: అందరం.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం, ఓడలో వాళ్ళకు పంపాల్సిన మిర్చి కంటైనరు సంగతి వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో దానికోసం విడిగా ఉంచిన కాయల లాటు నుంచి కొత్తగా శాంపిలు తీసి, పురుగుమందుల అవశేషాల పరీక్షకు వాళ్ళు చెప్పిన బయటి ల్యాబుకు కొరియర్ చేయాలి. ఫలితం రాకుండా కంటైనరు నింపకూడదు. గడువు శుక్రవారం.

"మేం చూసుకుంటామండీ" అన్నారు స్టోర్సు ఇన్‌ఛార్జి. కనిగిరి మనిషి, ప్లాంటులో ఇరవై రెండేళ్ళుగా ఉన్నారు. పక్కనే కూర్చున్న ల్యాబు మేడమ్ తలూపింది. నేను నిర్ణయం రాశాను, పని రాశాను, గడువు రాశాను. రెండో గడిలో 'గుంటూరు ప్లాంటు' రాశాను.

శాంపిలు తీసేది మా ప్లాంటు ల్యాబు. అయితే స్టోర్సు వాళ్ళు లాటు నంబరుతో చీటీ ఇస్తేగాని ల్యాబు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళదు. ల్యాబు అడిగితేగాని స్టోర్సు చీటీ రాయదు. ఆ వారం ఆవిడ చీటీ కోసం, ఈయన అడగడం కోసం ఎదురుచూశారు. మరుసటి మంగళవారం పట్టిక తెరిస్తే బయటపడేదే. కానీ అది వాళ్ళ ఈస్టరు ముందు వారం, ఆఫీసు మూసేశారు. సమావేశం జరగలేదు.

ఆ పై మంగళవారం స్పెయిన్ అధికారిణి పాత పట్టికలో మొదటి వరుస చదివింది. ఫలితం ఎక్కడ అని అడిగింది. మేనేజరు స్టోర్సు వైపు, స్టోర్సు ల్యాబు వైపు చూశారు. ఆవిడ, ఓడ తేదీకి ఇక అందదు కనుక ఆ కంటైనరును వేరే సరఫరాదారుకు ఇస్తున్నామని చెప్పింది. అది ఆ రోజు నిర్ణయం. దాన్నీ స్పానిష్‌లో రాశాను, ఒక్క వాక్యం.

హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి గురువారం కబురు వచ్చింది: పాత మినిట్స్‌ను ఇంగ్లీషులోకి మార్చి పంపండి, బాధ్యుడెవరో చూసి ఉద్యోగంలోంచి తీసేస్తాం. మేనేజరు మళ్ళీ పిలిచారు. ఈసారి తలుపు వేశారు.

"ఇంగ్లీషులో రాసేటప్పుడు రెండో గడిలో స్టోర్సు ఆయన పేరు పెట్టెయ్యండి. చూసుకుంటామన్నది ఆయనే కదా."

"ఆమోదం పొందిన ప్రతిలో పేరు లేదండీ. ఆ ప్రతి అవతల ఆవిడ దగ్గరా ఉంది."

"స్పానిష్ కాయితం హైదరాబాదులో ఎవడు చదువుతాడండీ? మీరొక్కరే కదా చదివేది."

అందుకే మార్చలేనని అన్నాను. ఆయనకు కోపం రాలేదు. ఫ్యాను వైపు చూస్తూ, "మీకేం, యంత్రాల మనిషి. నేను మనుషులతో పని చేయించాలి" అన్నారు. అలసిపోయిన గొంతు అది. నాదీ అలాగే ఉండి ఉంటుంది.

బయటకు వస్తే కాయల గోతాల పక్కన స్టోర్సు ఇన్‌ఛార్జి నిలబడి ఉన్నారు. మిర్చి ఘాటుకు ఇద్దరం దగ్గాం.

"అందులో నా పేరుందా సార్?"

"లేదండీ."

"మరి ఎవరిదుంది?"

"ఎవరిదీ లేదు."

"బాగుంది. ఎవరి పేరూ లేకపోతే అందరికన్నా కిందున్నోడిదే అనుకుంటారు సార్ పైవాళ్ళు." గోతం మూతి సర్దుతూ అన్నారు, "మొదట్లో రాశారుగా నా పేరు. నేనే మొహం మాడ్చుకున్నా. ఉంచేస్తే ఆ శుక్రవారం నేనే బండేసుకుని పోయేవాణ్ణి. సరేలెండి. ఉన్నది ఉన్నట్టు పంపండి."

ఉన్నది ఉన్నట్టే పంపాను. స్పానిష్ ప్రతి పక్కనే ఇంగ్లీషు పెట్టి, వరుసకు వరుస. రెండో గడిలో ప్లాంటు పేరు. కింద ఇంకేమీ చేర్చలేదు. చేరిస్తే అది మినిట్స్ కాదు, నా అభిప్రాయం అవుతుంది. హెడ్డాఫీసు ఫోను చేసి, ప్లాంటు అంటే ఎవరని అడిగింది. ఆ ప్రశ్న మేనేజరుగారిని అడగాలని చెప్పాను. అడిగారు. ఆయన ఏం చెప్పారో నాకు తెలియదు.

తర్వాతి సమావేశంలో పనుల దగ్గరికి వచ్చాం. స్టోర్సు ఇన్‌ఛార్జి కుర్చీ ముందుకు జరుపుకుని, "చీటీల పని నాదని రాసుకోండి సార్, పేరుతోనే" అన్నారు. ల్యాబు మేడమ్ "శాంపిలు నాది" అంది. మేనేజరు అభ్యంతరం చెప్పలేదు. ఆయన పేరుతో ఏ పనీ రాలేదు.

ఆ సీజను చివరికి తేలింది ఇది. ఒక కంటైనరు ఆర్డరు పోయింది. ఆ లాటు అలాగే ఉండిపోయి, అద్దె పెరిగి, లోకల్ మిర్చి యార్డులో తక్కువకు అమ్ముడైంది. దాని తొడిమలు తీయాల్సిన ఆడవాళ్ళకు తొమ్మిది రోజుల కూలి లేకుండా పోయింది. స్టోర్సు ఇన్‌ఛార్జి ఉద్యోగం నిలిచింది, ఇంక్రిమెంటు ఆగింది. ల్యాబు మేడమ్‌కూ అంతే. మేనేజరు నాతో పని మాట తప్ప మరో మాట మాట్లాడడం మానేశారు. వారం వారం జరిగే సమావేశాన్ని స్పెయిన్ వాళ్ళు నెలకొకటి చేశారు.