దుమ్మనుకుని తుడిచేసిన చుక్కలు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదు. జరిగి నాలుగేళ్లు కూడా కాలేదు. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తలోని నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టం గుర్తొచ్చినట్టుంటుంది. ఆ చుట్టం ప్రతి పనికీ వరుస నంబర్లు వేసుకునేవాడు. పళ్లు తోముకోవడం ఒకటి, చొక్కా ఇస్త్రీ రెండు, అమ్మకు ఫోన్ మూడు (అమ్మకు తన నంబరు ఎంతో ఎప్పుడూ చెప్పలేదు, చెబితే ఇంటికి పోయినప్పుడు అన్నం పెట్టేది కాదు). కంప్యూటర్ చదువు పూర్తి చేసి, కర్నూలులో ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు ఆఫీసులో బిల్లులు చూసే జూనియర్ క్లర్కుగా చేరాడు. బిల్లుల విభాగం అని బోర్డు ఉండేది కానీ, విభాగమంటే నేనూ, మా అకౌంట్స్ సారూ, గుయ్యిమంటూ తిరిగే ఒక ఫ్యానూ.

పని జరిగే తీరు ఇది. మాకు కడపలో ఒక సైటు ఉండేది. అక్కడికొచ్చిన బిల్లు కాగితాలను అక్కడే స్కాన్ చేసి, కాగితాలను అక్కడే ఉంచుకుని, బొమ్మలు మాత్రం మాకు పంపేవారు. మా సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను చదివి, వ్యాపారి పేరు, కొలత, రేటు, పన్ను, మొత్తం అన్నీ గళ్లలో నింపేది. తర్వాత తనే మూడు లెక్కలు సరిచూసేది: కొలతను రేటుతో గుణిస్తే ధర వస్తోందా, ధర మీద పన్ను శాతం సరిపోయిందా, రెండూ కలిపితే మొత్తం వస్తోందా. మూడూ కుదిరితే పచ్చ టిక్కు, ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు. ఎర్రవి దిద్దడం నా పని. పచ్చవి నేరుగా సారు బ్యాంకు ఫైలులోకి పోయేవి. యజమాని తన ఫోనులో చివరి మొత్తం ఒక్కటే చూసి ఆమోదించేవారు.

పచ్చవాటి జోలికి పోకూడదన్నది సారు పెట్టిన చట్టం. నేను అప్పటికే ఒకసారి పోయాను. లారీ టైర్ల ధర ఎక్కువగా ఉందని అనుమానపడి ఒక బిల్లు ఆపాను. తీరా చూస్తే టైర్ల ధర నిజంగానే అంత. డబ్బు అందక షాపువాడు టైర్లు ఇవ్వలేదు, లారీ ఒక రోజంతా షెడ్డులో నిలబడింది. సారు నన్ను పిలిచి, గొంతు పెంచకుండానే చెప్పారు: “ఏమప్పా, ఇంకోసారి పచ్చ బిల్లు ఆపితే నిన్ను కడప సైటుకు పంపిస్తా. ఆడ ఎండలో కంకర లారీలు లెక్క పెట్టుకుంటా ఉందువు.” అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. కడప ఎండ ఎలా ఉంటుందో తెలియనివాణ్ణీ కాను, మాది ఆ జిల్లాలోని వేంపల్లె.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒక ఎర్ర బిల్లు దిద్దుతుంటే దాని పై వరుస కంట పడింది. కమలాపురం బండల వ్యాపారి బిల్లు. 920 అడుగుల బండలు, మొత్తం నలభై లక్షల యాభై ఏడు వేల రెండు వందలు. పక్కన పచ్చ టిక్కు, లేత గడ్డిలా ఆరోగ్యంగా. రేటు గడిలో అడుగుకు 4200 అని ఉంది. అంతకు ముందు వేసవిలోనే వేంపల్లెలో మా చిన్నాయన ఇంటికి బండలు పరిపించాం. బేరానికి పోయింది నేనే. అడుగు నలభై చిల్లరకు తెచ్చాను (ముప్పైకే వచ్చేవని చిన్నాయన ఇప్పటికీ అంటాడు). నాలుగు వేల రెండు వందల బండ మీద నడవాలంటే చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని నడవాలి.

లెక్క చేసి చూశాను. 920ని 4200తో గుణిస్తే ధర సరిగ్గా వచ్చింది. పన్ను శాతమూ సరే, కూడికా సరే. అప్పుడు వెలిగింది. రేటులో పైసల ముందున్న చుక్క పోతే 42.00 కాస్తా 4200 అవుతుంది. ధరలో, పన్నులో, మొత్తంలో కూడా చుక్కలు పోతే అన్నీ ఒకేసారి నూరింతలవుతాయి. అన్నీ సమానంగా పెరిగితే మూడు లెక్కలూ చక్కగా కుదురుతాయి. ఒక్క చుక్క పోయి ఉంటే ఎర్ర గుర్తు పడేది, అన్నీ పోయాయి కాబట్టి పచ్చ పడింది. సైటులో చిల్లరగా కొన్న సరుకుకు ముందు ఆర్డరు కాగితం ఉండదు కాబట్టి దానితో పోల్చే తనిఖీ కూడా లేదు.

సారు అప్పటికే ఫైలు సిద్ధం చేస్తున్నారు. సిమెంటు, స్టీలు బిల్లులు కూడా ఆ రోజే ఉన్నాయి కాబట్టి మొత్తంలో నలభై లక్షలు కలిసినా యజమానికి తేడా తెలియదు. మరునాడు శనివారం, కూలీలకు వారం కూలి బట్వాడా. మిగతా బిల్లులు పోగా ఖాతాలో మిగిలేదంతా ఆ బట్వాడాకే. మంచినీళ్లు తాగి, సారు దగ్గరికి పోయి, “సార్, ఒక పచ్చ బిల్లు...” అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీశారు. “మళ్లా?”

చెప్పాను. ఆయన విన్నారు, కొట్టిపారేయలేదు. బొమ్మ తెరిచి పెద్దది చేసి చూశారు. “చుక్క యాడుందప్పా? బొమ్మలోనూ 4200 అనే ఉండాది కదా.” నిజమే. బొమ్మలోనూ చుక్క లేదు. నా కాళ్ల కింద కడప సైటు కంకర కరకరలాడినట్టయింది.

“కాగితం కడపలో ఉంది సార్. ఫోటో అడుగుతా. బండల భాయ్‌కి కూడా ఒక్క ఫోన్ చేద్దాం.” కాగితం ఫోటో పంపమని సైటుకు మెసేజ్ పెట్టి, మా రికార్డులో ఉన్న నంబరుకే ఫోన్ చేశాను. ఫోను స్పీకర్లో పెట్టమన్నారు సారు.

“భాయ్, కాంట్రాక్టరు ఆఫీసు నుంచి. మీ బండల బిల్లు గురించి...”

“అర్థమైందిలేప్పా,” అన్నాడు భాయ్ నీరసంగా. “ఆ రేటే శానా తగ్గించి ఇచ్చినా. మీ సైటాయన రెండు దినాలు నా అంగడి ముందర కూర్చోని బేరం చేసినాడు. సరే, ఇంకో రెండు నూర్లు తీసేయండి, వదిలేయండి నన్ను.”

సారు ముఖం వెలిగింది. తీసేయమని చేత్తో సైగ చేశారు. నేను తల అడ్డంగా ఊపాను (రెండు వందలు తగ్గించాలన్నా వేరే కాగితం కావాలి, పద్ధతి పద్ధతే).

“బేరం కాదు భాయ్. మొత్తం ఎంత రాసినారో చెప్పండి చాలు.”

“నలభై వేల ఐదు నూర్ల డెబ్బై రెండు. ఏం, మీకాడ ఎంతుంది?”

“నలభై లక్షలు.”

అవతల భాయ్ బండలు కోసే మిషను ఆపించాడు. తర్వాత భాయ్ నింపాదిగా అన్నాడు: “పంపొద్దప్పా. పంపితే మా పిల్లోళ్లు రాత్రికే కారు కొంటారు. తెల్లారి నువ్వు తిరిగియ్యమంటావు. నాకెందుకా పంచాయితీ.”

సారు నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఈలోగా కడప నుంచి కాగితం ఫోటో వచ్చింది. పాత సూది ప్రింటరు (డాట్ మ్యాట్రిక్స్), రిబ్బను వెలిసిపోయి అక్షరాలు బూడిద రంగులో ఉన్నాయి. చుక్కలు మాత్రం ఉన్నాయి, ఆవగింజలో సగమంత. అవి బొమ్మలో ఎందుకు లేవో సైటువాళ్లను అడిగితే తెలిసింది. సైటులో దుమ్ము స్కానరు అద్దం మీద పడి, బొమ్మంతా మచ్చలొచ్చి, బిల్లులన్నీ ఎర్ర గుర్తులవుతున్నాయని, రిపేరు మనిషి మచ్చలు తుడిచే సెట్టింగు వేసి పోయాడట. స్కానరు పాపం నమ్మకంగా పని చేసింది. రాయలసీమ దుమ్మునూ, భాయ్ చుక్కల్నీ ఒకేలా తుడిచేసింది.

అంకెలు దిద్దాను. సారు ఆ సెట్టింగు తీయించి, స్కానరుకు గుడ్డ కప్పమని సైటుకు చెప్పారు. రేటు మామూలు కన్నా మరీ ఎక్కువైతే పచ్చ పడకుండా ఇంకో తనిఖీ పెట్టమని నాకే చెప్పారు. కడప మాట మళ్లీ ఎత్తలేదు. ఫైలు కదిలింది. శనివారం బట్వాడా ఏ గొడవా లేకుండా జరిగిపోయింది. కూలీలు ఎప్పటిలాగే డబ్బు తీసుకుని బస్సులెక్కారు. వాళ్లలో ఎవరికీ ఏమీ తెలియదు, తెలియడానికి ఏమీ జరగలేదు కూడా.

ఆ సాయంత్రం ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం చల్లారిపోతోంది. చుట్టాలకు చెప్పుకోవడానికి గొప్ప సంగతి దొరికిందని, ఎలా చెప్పాలో వరసగా కూర్చుకుంటున్నాడు. ఎలా మొదలుపెట్టినా కథ ‘చివరికి ఏమీ కాలేదు’ దగ్గరే ఆగుతోంది. ఏమీ కాకపోవడం అంత హాయిగా ఉంటుందని వాడికి అప్పుడే తెలిసింది, పాపం. ఆ హాయిలో బజ్జీలు తినడమే మరిచిపోయాడు.