గొర్లకు నేను మొలిపించిన ఉన్ని

కుళ్ళు అనే మాట నాకు నచ్చదు. చాలా రోజులు దానికి వేరే పేర్లు పెట్టుకుని తిరిగాను. అనుభవానికి విలువ లేదన్నాను, కాలం మారిందన్నాను, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు నెత్తినెక్కుతున్నారన్నాను. ఇంట్లో నా భార్య మాత్రం మొదటి రోజే తేల్చేసింది. "నీకు గా పిల్ల మీద కుళ్ళు. అన్నం సక్కగ తిను" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండదు, నిజం కదా!

నల్లగొండలో ఒక ఫ్లెక్సీ షాపులో నేను డిజైనర్ని. పదేళ్ళు దాటింది. పుట్టినరోజులు, చీరకట్టు ఫంక్షన్లు, బోనాలు, క్రిస్మస్ స్టేజీలు, దశదినకర్మలు, అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. మనిషి తల వెంట్రుకలను ఒక్కొక్కటిగా కత్తిరించి, వెనుక ఇంకో దృశ్యం అతికించి, అతికినట్టు తెలియకుండా చేసేవాణ్ణి. మా సేటు ఆర్డర్లిచ్చే పార్టీల ముందు నన్ను చూపించి "మావోని చెయ్యి పడితె సాలు" అనేవాడు. ఆ ఒక్క మాట మీదే నేను బతికాను.

అలాంటి షాపులోకి ఆ పిల్ల వచ్చింది. తిరుమలగిరి వైపు ఒక పల్లె. గొర్లు కాసే ఇల్లు. డిగ్రీ చదివి కంప్యూటర్ పని నేర్చుకుందట. సేటు నా పక్క కుర్చీ చూపించి, "నెల రోజులు సూద్దాం బిడ్డా. పని నచ్చితె ఉండు, లేకుంటె ఇంకో దిక్కు సూస్కో" అన్నాడు. ఆమెకు ఆ పని ఎంత అవసరమో రెండో రోజే చెప్పింది. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, పని దొరికితే కొన్నాళ్ళు ఆగుతామన్నారు, అంతే.

నేను ఒక బ్యాక్‌గ్రౌండ్ కట్టడానికి పూటంతా తీసుకుంటే, ఆమె నాలుగు మాటలు టైపు చేసేది, ఏఐ బొమ్మ ఇచ్చేది. కొండలు, మబ్బులు, దీపాలు, ఏది కావాలంటే అది. పార్టీలు ఆమె కుర్చీ వెనక నిలబడటం మొదలుపెట్టారు. నా వెనక ఫ్యాను ఒక్కటే తిరిగేది.

నెల పూర్తి కావడానికి పది రోజులుందనగా పానగల్ దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ, ఆమె కొడుకు వచ్చారు. అవ్వ భర్త పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఇంటి ముందరి గోడకు పెద్ద బొమ్మ కావాలి, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఫోటో బాగుంది. ఏదో పెళ్ళిలో స్టూడియో కెమెరాతో తీసింది, ముసలాయన భుజాన గొంగడి వేసుకుని నిలబడి ఉన్నాడు. కానీ వెనక టెంటు గుడ్డ, ఒక కూలరు ఉన్నాయి.

అవ్వ అంది, "గదంత తీసి ఎన్కకు గొర్లు పెట్టున్రి బిడ్డా. గొర్లు లేకుంట ఆయన ఎన్నడు నిలబడలే."

సేటు ఆ పని ఆ పిల్లకిచ్చాడు, నన్ను కనీసం అడగకుండా.

ఆమె పుట్టించిన బొమ్మ బాగుంది. ఒప్పుకోవాలి. సాయంత్రపు ఎండ, బండరాళ్ళ గుండ్లు, గుట్ట, ముందర మంద. కానీ చిన్నది. వెడల్పు వెయ్యి పైచిలుకు చుక్కలు, అంటే పిక్సెళ్ళు. ఆరడుగుల ప్రింటుకు అంగుళానికి వంద చుక్కలు వేసుకున్నా ఏడు వేల పైన కావాలి. రోడ్డు మీది పెద్ద హోర్డింగైతే దూరం నుంచి చూస్తారు, ఎలా సాగదీసినా నడుస్తుంది. ఇది ఇంటి గోడ, చెయ్యి చాపితే అందుతుంది. ఉత్తగా సాగదీస్తే అలికినట్టవుతుంది. ఏఐతోనే పెంచితే లేని వివరాన్ని అది తన ఇష్టం వచ్చినట్టు పుట్టిస్తుంది. ఇక్కడ బోల్తా పడుతుందిలే అని నేను లోపల లోపల సంబరపడ్డాను.

పడలేదు. ముందు చిన్న బొమ్మలోనే తప్పులు వెతికింది. ఒక గొర్రెకు ఐదు కాళ్ళున్నాయి, తీసేసింది. "చిన్నగున్నప్పుడే తియ్యాలె అన్నా, పెంచితె తప్పు గూడ పెరుగుతది" అని నాకే చెప్పింది! తర్వాత ఒకేసారి కాకుండా రెండింతలు పెంచి చూసింది, మళ్ళీ రెండింతలు, మళ్ళీ చూసింది, అలా మూడుసార్లు. కొత్త వివరం పుట్టించే మీటను దాదాపు సున్నా దగ్గరే ఉంచింది. ఆకాశం, దూరపు గుట్ట ఎలాగూ మెత్తగా ఉండేవే కాబట్టి వాటిని మామూలుగా సాగదీసి వదిలింది. ముందరి గొర్లు, నేల మాత్రం ఎంత చేసినా ఆమెకు నచ్చలేదు. ఆదివారం పూట అవ్వ వాళ్ళ ఊరికి పోయి, అదే సాయంత్రపు ఎండలో వాళ్ళ గొర్లను, నేలను కెమెరాతో తీసుకొచ్చింది. దగ్గరి గొర్ల ఒంటి మీదికి, గడ్డి మీదికి ఆ నిజం ఫోటోల ముక్కలు అతికించింది. చివరికి పూర్తి సైజులో, అందులో అతికించిన ముసలాయనతో సహా మొత్తం మీద సన్నటి రవ్వ, అంటే ఫోటోల్లో కనబడే గరుకు చుక్కలు, ఒకటే తీరుగా చల్లింది. దాంతో పెంచినదేదో, అతికినదేదో నాకు కూడా తెలియలేదు.

నా పదేళ్ళ విద్య అది, అతికినట్టు తెలియకుండా అతకడం. అది ఆమెకు ఎవరు నేర్పారు? పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. నా కడుపు మండేలా నేనే దగ్గరుండి నేర్పినట్టయింది.

ఆ మంటలో ఒక పని చేశాను. ఆమె చిన్న బొమ్మను నా కంప్యూటర్లోకి తీసుకుని, వివరం మీటను చివరిదాకా నెట్టి, నాలుగింతలు, ఆ పైన ఇంకో రెండింతలు పెంచేసి, ముసలాయన్ని ముందు నిలబెట్టాను. తెర మీద ఏది చూసినా మెరిసిపోయింది. గొర్లకు ఉంగరాలుంగరాలుగా ఉన్ని మొలిచింది. గుండ్ల మీద ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు లేచాయి, అన్ని గుండ్లకూ అవే పగుళ్ళు. అది నాకు కనబడలేదా? కనబడింది. ఎవరు చూస్తారులే అనుకున్నాను.

సేటును పిలిచి రెండూ పక్కపక్కన పెట్టాను. ఆమెదాన్ని రెండింతలు దగ్గరికి లాగి, సరిగ్గా దూరపు గుట్ట మీద ఆపాను.

"సూడు సేటు, మొత్తం మసక."

ఏ కెమెరాలోనైనా దూరపు గుట్ట మెత్తగానే పడుతుందని, రెండింతలు లాగితే ఏ మంచి బొమ్మైనా మసకే అని నాకు తెలుసు.

"అన్నా, గోడ మీద గంత దగ్గరికి పోయి ఎవలు సూస్తరు?" అంది ఆ పిల్ల. "రెండూ ఒక్కొక్క పట్టీ ప్రింటు తీద్దాం సేటు. కాగితం మీద సూస్తె తెలుస్తది."

"దానికెందుకు మెటీరియల్ కరాబు చేసుడు?" అన్నాను నేను.

సేటు కళ్ళు నా తెర మీద నిలిచిపోయాయి. "గిదే మంచిగ కొడుతాంది కన్నుకు. గిదే వెయ్యి" అన్నాడు. నెల ముగిసిన రోజు ఆమెతో "ఏమనుకోకు బిడ్డా, ఇంకో దిక్కు సూస్కో" అన్నాడు. ఆమె నా వైపు ఒకసారి చూసింది, బ్యాగు భుజానికేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు చాయ్ నాకు ఎంత రుచిగా ఉందో చెప్పలేను. రెండు కప్పులు తాగాను.

సంవత్సరీకానికి ముందు వారం అవ్వ, కొడుకు వచ్చారు. ప్రింటు గోడకు వేలాడదీసి ఉంది. కొడుకు మురిసిపోయాడు. అవ్వ దగ్గరికి పోయి ముందరి గొర్రె మీద అరచెయ్యి పెట్టింది.

"గివి ఎవలి గొర్లు?"

"ఎవలియైతేంది అమ్మా, బొమ్మ గద" అన్నాడు కొడుకు.

"బొమ్మనే గాని, మన దిక్కు గొర్లకు ఉంగరాల బొచ్చు ఉంటదార? మనయి నున్నగ ఉంటయి, చెయ్యి పెడితె జారుతది. గీ గుండ్లేంది, అన్ని ఒక్క అచ్చుల పోసినట్టున్నయి." నా వైపు తిరిగింది. "పుట్టినప్పటి సంది గొర్ల ఎంట తిరిగిండయ్య ఆయన. పరాయి మందల నిలబెడితె ఆయనకు ఎరుక గాదా?"

"కంప్యూటర్ గట్ల చేసింది అవ్వ" అన్నాను. అప్పుడు కూడా అబద్ధమే.

"గా పిల్లేది? కొట్టం కాడికొచ్చి ఒక్కొక్క గొర్రె సంగతి అడిగి అడిగి ఫోటో తీసింది. ఆమె చేసిందనుకున్న."

సేటు నా మొహంలోకి చూశాడు. నేను ఆ పిల్ల ఫైలు తెరిచి, తెరకు సరిపడా పెట్టాను.

"మసకుందంటివి గద?" అన్నాడు సేటు.

"లేదు సేటు. నేనే దగ్గరికి గుంజి సూపెట్టిన. కావాలని."

సేటు తిట్టలేదు. తిడితే బాగుండేది. అక్కడే నిలబడి ఆమెకు ఫోను చేశాడు.

మర్నాడు వచ్చింది. ముందు జానెడు పట్టీ తీయించింది. అందులో గొర్రె మెడ, కొంచెం నేల, గొంగడి అంచు పడేలా చూసుకుంది. గోడకు పెట్టి చెయ్యి చాపినంత దూరంలో నిలబడి చూసింది. తెర మీద సరిపోయిన రవ్వ ప్రింటులో కొంచెం ముతకగా కనబడింది. తగ్గించి ఇంకో పట్టీ తీసింది. అది నచ్చాకే మొత్తం వేసింది. నేను పక్కనే ఉన్నాను, ఒక్క తప్పయినా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

"రేపటి సంది రా బిడ్డా" అన్నాడు సేటు.

"రాను సేటు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఎరుక లేక చేస్తె నేను గూడ ఏమనకపోదును అన్నా. నీకు నాకంటె బాగ ఎరుక. నీ పక్కన కూసుంటె పని చెయ్యాల్నా, నా ఫైలుకు కావలి ఉండాల్నా?"

ఆమె వెళ్ళిపోయింది.

సాయంత్రం అవ్వ వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నాలుకతో మందను అదిలించే చప్పుడు ఒకటి చేసింది, ఇంటి దగ్గర చేసినట్టే, ఎవరున్నారని కూడా చూడకుండా. ఇన్నేళ్ళలో నేను చేసిన ఏ బొమ్మ ముందూ ఎవరూ అలా చేయలేదు. నాకు సిగ్గేసింది, నిజమే. కానీ సిగ్గు కంటే ముందు కుళ్ళు వచ్చింది, మొదటి రోజు వచ్చినంత జోరుగా.

అవ్వ కళ్ళు తుడుచుకుని నాతో అంది, "గా బిడ్డకు చెప్పయ్య, మా ముసలాయన ఆయన మందల ఆయన కలిసిండని."

"చెప్త అవ్వ" అన్నాను.

ఆ పిల్ల నంబరు నా ఫోనులో ఉంది. ఇప్పటిదాకా చెప్పలేదు.